మిగిల్చిన నాలుగు గంటలు

ప్రొద్దుటూరులో బడిపిల్లల చొక్కాలు కుట్టే షెడ్డులో పదకొండేళ్లు పనిచేశాను. మొదట్లో చొక్కాకు ఇరవై ఐదు రూపాయల లెక్కన, ఇరవై చొక్కాల కట్టకు ఐదు వందలూ మాకే వచ్చేవి. తర్వాత యజమాని పద్ధతి మార్చాడు. గంటకు యాభై కూలి, కట్టకు పది గంటల గడువు. ముందే ముగిస్తే, మిగిల్చిన గంటల కూలిలో సగం మాకు బోనస్, సగం ఆయనకు లాభం.

నేను ఆరు గంటల్లో ముగించేదాన్ని. మూడు వందల కూలి, వంద బోనస్. ఆయనకు కట్ట నాలుగు వందలకే పడేది. అదీ చాలక, నా వేగం చూసి ఒక సోమవారం గడువును ఎనిమిది గంటలకు తగ్గించాడు. నా బోనస్ యాభై అయింది.

నేను గొడవపడలేదు. మరుసటి రోజు నుంచి సరిగ్గా ఎనిమిది గంటలకు ముగించాను. మిగతా ఆడవాళ్లతోనూ అలాగే చేయించాను. ఆయనకు కట్ట మళ్లీ నాలుగు వందలకు వచ్చింది. పైగా బడులు తెరిచే వారం, పులివెందుల బడులకు పంపాల్సిన సరుకు ఆగిపోయింది.

"ఏందక్కా, ఆరు గంటల పని ఇంతసేపు చేస్తాండావు?" అన్నాడు యజమాని.

"నువ్వు రాసిన గంటలేనప్పా. నిమిషం గూడా ఎక్కువ తీసుకోలే."

"శానా పొగరు నీకు!"

"దానికి బోనస్ లేదులే."

శనివారం బోర్డు మీద మళ్లీ పది గంటలని రాశాడు. ఆ తర్వాతి కట్టకు సరిగ్గా పది గంటలు తీసుకుని, మా పాత లెక్క ఐదు వందలూ ఒక్కసారి ఆయన చేత్తోనే ఇప్పించుకున్నాను. ఆ పై కట్ట నుంచే మళ్లీ ఆరు గంటల్లో కుట్టాను.