సంతలో చెప్పిన కష్టం

మైదుకూరు సంతలో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు అమ్మేవాణ్ణి. కంపెనీ గొప్పలతో మొదలుపెట్టి బోల్టుల దాకా ఏకరువు పెట్టేసరికి రైతులు జారుకునేవాళ్లు.

ఇంట్లో ఆ ఉపన్యాసం విని నా భార్య కసిరింది: "ముందు కపిల తోలే మనిషి కష్టం చెప్పు. మా నాయన తెల్లారకముందే ఎద్దుల్ని తోల్తా, తోలుతిత్తితో నీళ్లు చేదుతా, గొంతు పోయేదాకా పాడ్తాడే, అది! తర్వాత ఇంజను తిప్పి నీళ్లు చూపించు. రేపు ఎవరి బావికాడికి రావల్లో అడిగి నోరు మూసుకో."

అట్లే చెప్పినా. మొట్టమొదట చెయ్యెత్తింది మా మామే. ఆయన బావి మీద కపిలతోపాటు పాటా ఆగిపోయింది.

నేను సంత సంతకూ కష్టమని చెప్పిన ఆ పాట కోసమే ఇప్పుడు వేకువన చెవులు రిక్కిస్తాండా. ఇంజన్ల మోతే వినిపిస్తాది. కసిరేదానికి ఆమె కూడా లేదు.