అమ్మ లైఫ్ సర్టిఫికెట్

మా దీవుల్లో, పడవలాగే ఫీనిక్స్ బే జెట్టీకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక బ్యాంకులో పెన్షన్ కౌంటర్ మీద పదకొండేళ్ళు కూర్చున్నాను. నవంబరు వస్తే నా ముందు ముసలివాళ్ళు వరుస కట్టేవారు. బతికి ఉన్నామని ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే తప్ప డిసెంబరు నుంచి పెన్షన్ పడదు. వేలిముద్ర వేయించుకుని "హో గయా, మాజీ", అయిపోయిందమ్మా అని పంపేవాణ్ణి. రాలేనివాళ్ళ ఇంటికి మనిషిని పంపే ఏర్పాటు కూడా ఉండేది. డెబ్బై దాటినవాళ్ళు ఒక్క ఫోన్ చేస్తే చాలని అందరికీ చెప్పేవాణ్ణి.

నాన్న సర్కారు పడవల మీద పనిచేసి పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ అమ్మకు వచ్చేది. తుష్నాబాద్‌లో మా ఇంట్లోనే ఉన్నా మోకాళ్ళ మాత్రలు, బీపీ మాత్రలు ఆ డబ్బుతోనే కొనుక్కునేది. నా దగ్గర చేయి చాపింది లేదు. ఏటా నవంబరులో బస్సెక్కి తానే బ్యాంకుకు వచ్చేది. డెబ్బై ఎనిమిదో ఏట స్నానాల గదిలో జారిపడింది. "ఈసారి నువ్వు రావద్దు, ఇంటికే మనిషిని పంపిస్తాను" అన్నాను.

పంపలేదు. రోజూ చూస్తున్న మనిషే కదా, ఎప్పుడైనా చేయిద్దాంలే అనుకున్నాను. నవంబరు అయిపోయింది.

జనవరిలో అన్నం పెడుతూ అడిగింది. "ఒరే, పింఛను పడ్డాదా?"

"లింక్ లేదమ్మా. పడుతుందిలే."

మా దీవుల్లో ఆ మాటకు తిరుగు లేదు. నెట్ పోయి రోజుల తరబడి పనులు ఆగిపోవడం అందరికీ తెలుసు. అమ్మ నమ్మింది. నేను ఖాతా తెరిచి చూడనైనా లేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి పాత ఫైళ్ళ గదిలోంచి వస్తుంటే నా కౌంటర్ దగ్గర అమ్మ గొంతు వినిపించింది. పొరుగావిడ చేయి పట్టుకుని బస్సులో వచ్చింది. నా కుర్చీలో మా తెలుగు అమ్మాయే, కొత్తగా చేరింది, కూర్చుని ఉంది. అమ్మ ఎవరో ఆ పిల్లకు తెలీదు. నేను గాజు తలుపు వెనకే ఆగిపోయాను.

"అమ్మమ్మా, నీ లైఫ్ సర్టిఫికెట్ రాలేదు. అందుకే రెండు నెలలుగా ఆగింది."

"ఆగడమేటి? మా అబ్బాయి ఇక్కడే పనిచేస్తాడు. నేను బతికున్నానని వాడికి తెలీదేటి? నేను వండిందే తిని వస్తాడు."

వరుసలో ఎవరో నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

"డబ్బులకంత తొందరేముంది అమ్మమ్మా? పడతాయి, పాతవీ కలిపి."

"తొందరే మరి. మాత్రలు రోజు విడిచి రోజు మింగుతున్నాను."

ఆ పిల్ల వేలిముద్ర తీసుకుంది. తర్వాత స్క్రీన్ చూస్తూ అంది. "నీ ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద సీనియర్లకిచ్చే అర శాతం ఎక్కువ వడ్డీ రావట్లేదేం? ఓహో, మొదటి పేరు నీది కాదు, మీ అబ్బాయిది. ఎవరు రాశారిలా? ఇప్పుడు తెంచితే వడ్డీ కోస్తారు. గడువు తీరాక నీ పేరు ముందు పెట్టించుకో."

రాసింది నేనే. పెద్దవాళ్ళ పేరు ముందు రాయమని కౌంటర్‌కు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పినవాణ్ణి, నాన్న పోయాక వచ్చిన డబ్బు వేసేటప్పుడు మాత్రం నా పేరు ముందు పెట్టాను. రేపు ఆమెకేమైనా అయితే నాకు పని తేలికవుతుందని.

అమ్మ పాస్‌బుక్ సంచిలో పెట్టుకుంది. "సరేనమ్మా," అని లేచింది. నేను తలుపు తీయలేదు. ఆమె మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాను. అప్పుడు నాకు ఏడుపు కానీ సిగ్గు కానీ వచ్చినట్టు గుర్తు లేదు. వెళ్ళి కూర్చుని తర్వాతి టోకెన్ పిలిచాను.

సాయంత్రం నెలకు సరిపడా మాత్రలు కొని ఆమె మంచం మీద పెట్టాను. "ఎంతయింది?" అంది. చెప్పాను. మరుసటి నెల పాత బాకీతో సహా పెన్షన్ పడ్డాక లెక్కగా ఆ డబ్బు నా చేతిలో పెట్టింది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. తీసుకున్నాను.

బ్యాంకుకు వచ్చిన సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. డిపాజిట్ గడువు తీరాక కాగితం మార్చి తెచ్చాను. తన పేరు ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపించాను.

మళ్ళీ నవంబరు వచ్చాక పొరుగావిడ చేత ఫోన్ చేయించి బ్యాంకు మనిషిని తానే పిలిపించుకుంది. ఆదివారం కాదు కానీ నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. వచ్చినామె చిన్న యంత్రం బయటికి తీస్తూ, "మాజీ, పక్కన ఇంట్లోవాళ్ళెవరైనా కూర్చుంటారా?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా," అంది అమ్మ. "నేనున్నాను కదా."

నేను వరండాలోనే ఉండిపోయాను.