బాపు కుడిభుజం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కరీంనగర్‌లో యానిమేషన్ పని చేసే రోజుల్లో అది ఒకసారి పనికొచ్చింది.

నేత కార్మికుడి మీద చిన్న సినిమా చేస్తున్నాం. బొమ్మకు నిజమైన కదలికలు కావాలి. మా నాన్న, మేం బాపు అంటాం, ఏళ్ల తరబడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. ఇంకొకరిని వెతకడం ఎందుకు? పక్క సాంచా చట్రానికి ఫోన్‌ను నూలుతోనే కట్టి, తెగిన పోగు ముడేస్తున్న బాపును నాలుగుసార్లు తీశాను. నూలుతో కడితే ఏదీ ఊడదని మా నేతోళ్ల ధీమా. ఊడలేదు కూడా. కానీ ఆ పక్క సాంచా నడుస్తూనే ఉంది.

వీడియోలోంచి కదలికలు తీసే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, తెర మీద గీతలతో వచ్చిన బాపు అస్థిపంజరం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. మా టీం లీడర్ చూసి, "మొత్తం స్మూత్ కొట్టు చెల్లె, రేపటికి ఇయ్యాలె" అన్నాడు. కొట్టాను. వణుకుతో పాటే బాపు వేళ్ల చురుకూ పోయింది. చేతులు నీళ్లలో తేలుతున్నాయి. ఛీ అనిపించింది.

మళ్లీ మొదటికొచ్చాను. నేలకు ఆనిన పాదాలు కూడా చేతులతో సమానంగా, అవే ఫ్రేముల్లో వణుకుతున్నాయి. అంటే వణికింది బాపు కాదు, ఫోన్. గోడకున్న మేకును గురుతు పెట్టుకుని ముందు వీడియోను నిలకడ చేసి, మళ్లీ కదలికలు తీశాను. సాంచా అడ్డమొచ్చిన చోట చెయ్యి పిచ్చిగా గెంతుతోంది. ఆ ఫ్రేములు తీసేసి, అటూ ఇటూ ఉన్న మంచి ఫ్రేములను కలిపాను. పాదాలు జారకుండా నేలకు బిగించి, పైపైన మాత్రమే స్మూత్ చేశాను.

ఒక్కటి మిగిలింది. ముడి బిగించే ముందు కుడిభుజం చటుక్కున ఎగురుతోంది.

"గదేంది? ఎర్రర్ గదా, తీసెయ్" అన్నాడు లీడర్.

"ఎర్రర్ గాదన్నా. నాలుగు టేకులల్ల, ప్రతి ముడి ముందట గట్లనే ఉంది. ఎర్రర్ గింత పద్ధతిగ వస్తదా?"

"సూసేటోళ్లకు ఏం తెలుస్తది? తియ్యకుంటె షాట్ ఇంకొకలకు ఇస్త."

"ఇచ్చుకోండ్రి. నేనైతే తియ్య."

ఒళ్లు మండిపోయి, అందరి ముందే అవ్వకు, అంటే మా అమ్మకు, వీడియో కాల్ చేశాను. తెర మీద బూడిదరంగు బొమ్మ. మొహం లేదు, సాంచా లేదు. ముందు లీడర్ చెప్పినట్టు మొత్తం స్మూత్ కొట్టింది చూపించాను.

"ఎవలో పిలగాడు. సాంచ ముట్టనోడు" అంది అవ్వ.

తర్వాత నాది. అవ్వ మొహం ఫోన్‌కు దగ్గరగా వచ్చింది.

"మీ బాపే గదనే! ముడేస్తుండు. నొప్పని ఎన్నడన్న చెప్పిండా? ఎన్నేండ్లసంది గా భుజం గట్లనే ఎగరేస్తుండు."

"ఉండనియ్" అన్నాడు లీడర్ మెల్లగా. ఉండనివ్వక ఏం చేస్తాడు?

మరునాడు బస్సెక్కి ఇంటికి వెళ్లి, బాపును డాక్టర్ దగ్గరికి బయల్దేరదీశాను.

"నాకేమైందే? ఏం గాలే" అన్నాడు బాపు, చెప్పులు వేసుకుంటూ భుజం ఎగరేసి.