పన్ను దిగని కాటు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. తార్నాకలో అద్దెకుంటూ, పొద్దున్నే క్యాంపస్‌కి నడిచి వెళ్లి, మా డిపార్ట్‌మెంటు వెనకున్న జంతుశాలలో కోతిపిల్లల్ని చూస్తూ నోట్సు రాసుకునేదాన్ని. అరవైల చివర్లో కోతుల బోను ముందు కూర్చునే ఆడపిల్లని చూడ్డానికి మగపిల్లలు పనిగట్టుకుని వచ్చేవాళ్లు. మీ మీద కూడా నోట్సు రాస్తానని బెదిరించేదాన్ని.

అక్కడ ఒక ఆడకోతిపిల్ల ఉండేది. పుట్టిన వారానికే తల్లి చచ్చిపోతే నేనే సీసాతో పాలు పట్టి పెంచాను. మూడో నెలలో పెద్దబోనులో మిగతా పిల్లలతో కలిపాం. పది నిమిషాలైనా కాలేదు, రెండు పిల్లలు దాన్ని కింద పడేసి మెడ పట్టుకున్నాయి. పుస్తకంలో 'కొట్లాట' అని రాసేసి, తలుపు తీసి దాన్ని లాక్కొచ్చాను. ఆ తర్వాత ఆరు నెలలు దాన్ని ఏ పిల్లతోనూ కలపనివ్వలేదు. దానికి విడిగా బోను, విడిగా అరటిపండు. అదే ప్రేమనుకున్నాను.

తొమ్మిదో నెల వచ్చేసరికి అది మూల కూర్చుని, బొటనవేలు చీకుతూ ముందుకీ వెనక్కీ ఊగుతుండేది. పక్కన ఏ పిల్లని వదిలినా ముడుచుకుపోయేది, లేదంటే రక్తం వచ్చేలా కరిచేది. "ఇంకొక్కసారి ఎవరినైనా కరిస్తే డిసెక్షన్‌కి పంపించెయ్యడమే" అన్నారు మా ప్రొఫెసరు గారు. ఆ వారంలోనే నా బొటనవేలికి దాని పళ్లు దిగాయి. వంకాయలు తరుగుతుంటే కత్తిపీటకి తెగిందని ఆయనతో అబద్ధం చెప్పాను. ఆయన నమ్మారు. జంతుశాల చూసుకునే పెద్దయ్య నమ్మలేదు.

ఆయన గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టినవాడు. "కత్తిపీటకు నాలుగు పండ్లుంటయా బిడ్డా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దాన్ని చంపేస్తారు పెద్దయ్యా అన్నాను.

"పెద్దబోనుల కలిపిన దినం గవి కొట్లాడలే, ఆడుకున్నయి. నోర్లు తెరిసినయి గని కొరకలే. నువ్వు జరసేపు ఆగితే కిందున్నది మీదికొస్తుండె."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వు నన్ను చెప్పనిచ్చినవా?"

నిజమే, నా నోటికి భయపడి చెప్పలేదు. ఆ సాయంత్రం క్యాంపస్ బీడులో మేస్తున్న మంద దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు పొట్టేలు పిల్లలు తలా తలా తగిలించుకుంటున్నాయి. పెద్దది రెండడుగులే వెనక్కి వేసి, మెల్లగా వచ్చి తగిలిస్తోంది. "నిజం కొట్లాటయితే పొట్టేలు ఎంతో దూరం ఎనకకు పోయి ఉరికొస్తది. చిన్నదానితోని ఆడాలంటే పెద్దది తగ్గాలె. లేకుంటే చిన్నది మల్ల రాదు" అన్నాడు.

ఇంటికొచ్చి, రోజూ కాళ్లకి అడ్డంపడే ఇంటివాళ్ల పిల్లికూనల్ని మొదటిసారి కుదురుగా చూశాను. ఒకటి తోబుట్టువు చెవి గట్టిగా కొరికింది. రెండోది కీచుమని వెళ్లిపోయింది. ఆట ఆగిపోయింది. కరిచినది కాసేపు ఒంటరిగా నిలబడి, తర్వాత దాని ముందుకెళ్లి వెల్లకిలా పడుకుంది. ఈసారి కొరుకుడు మెత్తగా ఉంది. ఈ ఆటంతా వేట నేర్చుకోవడానికేనని చదివాను. కానీ ఒంటరిగా పెరిగిన పిల్లి కూడా ఎలుకని పట్టగలదు. ఎదుటిదానికి నొప్పి ఎక్కడ మొదలవుతుందో మాత్రం తోడు లేకుండా తెలియదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, నేను నా కోతిపిల్లతో ఆడిందీ లేదు, ఆడనిచ్చిందీ లేదు.

మర్నాడు ప్రొఫెసరు గారి దగ్గరికెళ్లి వేలు చూపించి నిజం చెప్పేశాను. తిట్టారు. చివరికి దాని కరిచే అలవాటు మాన్పించడానికి నెలరోజులు గడువిచ్చారు.

"సీసపాల గొర్రెపిల్లను పెద్దవాటిల ఇడువం. దానికన్న చిన్నదాన్ని జతజేస్తం" అన్నాడు పెద్దయ్య. అందుకని రోజూ పిల్లల బోనులో ఆడుకునే నాలుగు నెలల కోతిపిల్లని తెచ్చి వదిలాం. మాది గోడకేసి తిరిగి ముడుచుకుంది. ఆ బుడ్డది వెనకనుంచి వెళ్లి దాని వీపు వాటేసుకుంది. నేను లేవబోయాను. "కూసో" అన్నాడు పెద్దయ్య. జీవితంలో ఒకరు కూర్చోమంటే నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు.

రోజూ ఒక గంట. మొదటి వారమంతా వాటేసుకోవడమే. రెండో వారానికి ఊగడం తగ్గింది. మూడో వారంలో బుడ్డది దాని తోక లాగి పారిపోతే, మాది వెంటపడింది. పట్టుకుని మీద పడింది. బుడ్డది కీచుమంది. మాది వెంటనే వదిలేసి, కాసేపు చూసి, తనే వెల్లకిలా పడుకుంది.

నెలాఖరున అరటిపండు ఇవ్వడానికి చెయ్యి లోపల పెట్టాను. అది పండు ముట్టుకోలేదు. మచ్చ ఇంకా పోని నా బొటనవేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. పెద్దయ్య నా వెనకే ఉన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు నేను. అది నోరు గుండ్రంగా తెరిచి, పళ్లు ఆనించి, నా మొహంలోకి చూస్తూ అలాగే ఉంచింది. నొక్కలేదు.