వసంత గీసిన హాజరు పట్టిక

మా ఆడబిడ్డ వసంత కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో పనిచేసేది. ఈ ఎండాకాలంలో పోయింది. నవ్వే మనిషి. సకల జనుల సమ్మె జరిగిన ఏడాది నుంచి నవ్వడం మానేసింది.

సార్లు రోజూ రాని పిల్లల నంబర్లు చీటీ మీద రాసి ఇచ్చేవాళ్లు. పరీక్షల ముందు వసంత వాటిని పెద్ద కాగితం మీదికి ఎక్కించేది. పేర్లు కిందికి, తేదీలు అడ్డంగా. సెలవులు కొట్టేసి, మిగతా గళ్లన్నీ ముందు వచ్చినట్టు నింపి, చీటీలో ఉన్న నంబర్లకు రానట్టు దిద్దేది.

ఆ ఏడు ఫౌజియా అనే పిల్లకు హాజరు తక్కువ పడి హాల్ టికెట్ ఆగింది. చలికాలంలో జ్వరంతో కొన్నాళ్లు రాని మాట నిజమే.

"సమ్మెల బస్సులు బందైనప్పుడు గూడ నడిచి వచ్చిన గదక్కా! క్లాసుల నలుగురమే ఉంటిమి," అంది ఫౌజియా.

వసంత ఆ చీటీలు తీసి చూసింది. బస్సు లేని రోజుల్లో, బస్సెక్కి రావలసిన ఇబ్రహీంపట్నం పిల్లల నంబర్లు ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ ఫౌజియాలాంటి కోరుట్ల పిల్లలవే. అవి రాసిచ్చిన జలపతి సారు దగ్గరికి పరుగెత్తింది.

"రానోళ్లందరిని రాసుకుంట కూసుంటనా? వచ్చినోళ్లనే రాసిన. గంత సోయి లేదా నీకు?" అన్నాడాయన.

వచ్చిన పిల్ల రానట్టు, రాని వాళ్లంతా వచ్చినట్టు ఎక్కారు. ప్రిన్సిపాల్ రాజమౌళి పట్టిక చూశాడు.

"ఇది దిద్దితే ఎంతమందికి తక్కువ పడుతదో తెలుసా?"

"చానమందికి సార్."

"ఆళ్ల నాయినలందరు నా మీదికొస్తరు. గీ పిల్లకెవరున్నరు? తల్లొక్కతే. ఆమెను పిలిచి పిల్ల రాలేదని నువ్వే చెప్పు. లేకుంటే రేపటి సంది రాకు."

మా మామ అప్పటికే మంచంలో ఉన్నాడు. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే.

ఫౌజియా తల్లి ఖుర్షీద్ బేగం వచ్చింది. వసంత పట్టిక ముందు పెట్టి, ఆ గళ్ల మీద వేలు పెట్టి చూపింది.

"మీ బిడ్డ గీ దినాలు కాలేజీకి రాలేదమ్మా."

ఖుర్షీద్ బేగం బిడ్డ వైపు తిరిగింది. "పొద్దుగాల్నే బురఖా ఏసుకొని పోతివి గదనే! కాలేజీకి రాకుంటె యాడికి పోయినవ్? ఎవనితోని తిరిగినవ్?"

"ఇక్కడికే వచ్చిన అమ్మీ! అక్కా, నువ్వు చూసినవ్ గద, చెప్పు!"

వసంత పట్టిక మడుస్తూ ఉండిపోయింది. తల్లి ఆఫీసులోనే బిడ్డను కొట్టింది. బయట వరండాలో పిల్లలు, జలపతి సారు నిలబడి చూశారు. ఎవరూ అడ్డం రాలేదు.

"రేపటి సంది గడప దాటితే కాళ్లిరగ్గొడుత," అంటూ జబ్బ పట్టి లాక్కుపోయింది.

ఫౌజియా మళ్లీ కాలేజీకి రాలేదు. పట్టిక పైన రాజమౌళి సారు సంతకం పెట్టి, ముద్ర వేయమని వసంతకే ఇచ్చాడు. ఆమె వేసింది.