బాప్తిస్మపు తొట్టి పక్క గోడ

గోడను వేలి కణుపుతో తట్టి, లోపల గట్టిదో గుల్లదో చెప్పగలడని శ్రీకాకుళం కర్టెన్ షాపుల్లో, కర్టెన్ రాడ్లు బిగించే సత్యానందానికి ఒకప్పుడు పేరు. పాతికేళ్లు డ్రిల్లింగ్ మిషను మోతలో బతికాక ఆ చెవులే పోయాయి. అడిగిందొకటైతే చెప్పేదొకటి కావడంతో షాపులవాళ్లు పిలవడం మానేశారు. వినపడడం లేదని ఒప్పుకుంటే అతని సొమ్మేం పోయేది? మనిషికి మొండితనం తప్ప ఆస్తి లేదు మరి.

చివరికి బామ్మర్ది రాబర్ట్, సంఘ పెద్దల్లో ఒకడు, అందరికీ మాటిచ్చి చర్చి పని ఇప్పించాడు. వేదిక వెనక బాప్తిస్మపు తొట్టికి బరువైన ముఖమల్ తెరలు కట్టాలి. "ఇది సక్కగా సేత్తే పక్కూరి సంఘాలోళ్లూ పిలుస్తారు బావా. సెడితే నా మాట ఇంకెవుడూ వినడు," అన్నాడు. భార్య కృపారాణి ఆ మాటలు ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా మళ్లీ చెప్పింది.

రాడ్డు బాగానే ఎక్కించాడు. రాడ్డు రెండు చివర్లా ఉండే ఇత్తడి మొగ్గలు గోడకు రాసుకోకుండా నాలుగు వేళ్ల సందు వదిలాడు. తెరలను పక్కకు లాగి పట్టి ఉంచే హోల్డర్లే మిగిలాయి. తొమ్మిదడుగుల తెరకు కింద నుంచి మూడడుగుల ఎత్తున, రెండు పక్క గోడలకూ. పక్క గోడకు బిగిస్తే తెర బరువు స్క్రూలను సూటిగా బయటికి లాగుతుంది. అక్కడే గోడ గట్టిగా ఉండాలి.

"నాను తట్టి సూసి సెప్తాను," అంది సాయానికొచ్చిన కృపారాణి, అతని ఎదురుగా నిలబడి.

"నాకు పని నేర్పుతావేటి?"

తనే తట్టాడు. ఏమీ వినిపించలేదు. మిషను పెడితే ఎర్రపొడి రాలింది. ఎర్రపొడి వస్తే ఇటుక తగిలినట్టేనని ధైర్యం తెచ్చుకుని రంధ్రాల్లో ప్లగ్గులు దింపి, స్క్రూలు బిగించి, చేత్తో లాగి చూశాడు. కదల్లేదు. అది దొరల కాలపు గోడ. సున్నంలో ఇటుకపొడి కలిపి రెండంగుళాల మందాన పూశారు. తొట్టి చెమ్మకు కుడివైపు ఆ పూత ఇటుకను వదిలేసి ఉత్తినే నిలబడి ఉంది. చెవులున్నవాడికి ఒక్క తట్టుతో తెలిసేది.

ఆదివారం రాబర్ట్ తెరలు లాగి హోల్డర్లలో దోపాడు. పాస్టరు అయ్యగారు నీళ్లలోకి దిగి ప్రార్థన మొదలుపెట్టారు. సత్యానందం కళ్లు మూసుకుని, ఇంకొక్క పని ఇప్పించు ప్రభువా అని అడుక్కున్నాడు.

కృపారాణి చెయ్యి నొక్కితే కళ్లు తెరిచాడు. జనమంతా లేచి నిలబడి ఉన్నారు. కుడివైపు గోడ ఇటుకలు బయటపడ్డాయి, సున్నం పెళ్లతో సహా హోల్డరు మెట్ల మీద పగిలి పడింది, తెర వేలాడుతోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అందరూ గోడను వదిలేసి అతన్నే చూస్తున్నారు. అంత చప్పుడుకు కదలకుండా కూర్చున్నది అతనొక్కడే.

"నీకు వినబడలేదేటి బావా?" అన్నాడు రాబర్ట్.

ఆ పెదాలను చదవడానికి సత్యానందానికి ఎవరి సాయమూ అవసరం లేకపోయింది.