నమూనా గడిలో పట్టని వాక్యం

ఏ పరిశోధన వ్యాసం చేతికొచ్చినా నేను ముందు సారాంశం చదవను. చివరి పేజీ తిప్పి, అక్కడి నుంచి వెనక్కి వస్తాను. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు "మేడమ్‌వి అన్నీ తిరకాసు పనులే" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ పేజీ తిప్పుతున్నప్పుడు నాకు మా ఇంటి ముందుగదిలోంచి దగ్గు వినిపిస్తుంది. ఆ గదిలో ఇప్పుడు ఎవరూ లేరు. అయినా వినిపిస్తుంది, దాని వెనకాలే ఒక ప్రశ్న కూడా. "దాంట్లో నేను ఉండానా పాపా?"

ఆ గొంతు మా చిన్నాయనది, మా నాన్నకు తమ్ముడు. సండూరు కొండల్లో ఖనిజం రాళ్లను పొడిచేసే క్రషర్ దగ్గర ఏళ్ల తరబడి పని చేశాడు. నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి ఆడని స్థితికి వచ్చాక పని మానేసి, బళ్లారి సత్యనారాయణపేటలో మా ఇంటికి చేరాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. క్షయ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగించారు, దగ్గు తగ్గలేదు. మా నాన్న మాత్రం "బీడీలు తాగి తెచ్చుకున్నాడు" అని చర్చిలో అందరి ముందూ అనేవాడు. చిన్నాయన బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి బీడీ ముట్టలేదు. ఆయనకు మందుల మీద ఆశ పోయింది. ఒక పెద్ద డాక్టరు తన ఛాతీ చూసి, ఇది క్రషర్ దుమ్ము వల్ల వచ్చింది, బీడీ వల్ల కాదు అని కాగితం మీద రాస్తే చాలు, ఆ కాగితం అన్న చేతిలో పెడతానని అనేవాడు.

అప్పుడు గనుల జోరు మామూలుగా లేదు. ఖనిజం లారీల వెనక పడితే బస్సు ఎప్పుడు ఊరు చేరుతుందో దేవుడికే తెలియాలి. నేను బళ్లారిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో, సామాజిక ఆరోగ్య విభాగంలో కొత్తగా చేరాను. గని పనివాళ్ల కోసం ఛాతీ పరీక్షల క్యాంపు పెట్టాలని మా విభాగం అనుకుంది. బెంగళూరు నుంచి ఊపిరితిత్తుల డాక్టరు వస్తాడు, ఊపిరి ఊది చూసే యంత్రం తెస్తాడు. కానీ ఒక్కరోజే. ఎవరిని పిలవాలో కమిటీ తేల్చాలి. కమిటీలో ఉన్న పెద్దలకు వ్యాసాలు చదివే తీరిక లేదు. అందుకని దేశంలో గనుల దుమ్ము మీద వచ్చిన వ్యాసాలను ఒక్కోటి ఒక్క పేజీలోకి దించే పని మాకు పడింది.

ఆ పేజీలో నాలుగు పెద్ద గడులు. పరిశోధకులు అడిగిన ప్రశ్న, వాళ్ల పద్ధతి, నమూనా, ముఖ్య ఫలితం. మా విభాగం పెద్ద మేడమ్ మొదటి రోజే గట్టిగా చెప్పింది. సారాంశం చూసి గడులు నింపకూడదు, లోపల పద్ధతి భాగం చదవాలి. నమూనా అంటే ఎంతమంది అన్నది ఒక్కటే కాదు, వాళ్లను ఎలా ఎంచారు, ఎవరిని వదిలేశారు అన్నది కూడా. ఫలితం గడిలో కొలిచి చూసింది రాయాలి, రచయితల ఆశలు కాదు, మన అభిప్రాయం అసలే కాదు. వ్యాసంలో లేనిదాన్ని ఊహించకుండా 'చెప్పలేదు' అని రాయాలి. ఒక్కో వ్యాసాన్ని ఇద్దరు విడివిడిగా నింపాలి, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. తర్వాత పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట మళ్లీ వ్యాసం తెరవాలి.

నేనూ, తోరణగల్లు నుంచి బస్సులో వచ్చే ఒక కుర్ర సహోద్యోగీ ఆ ఇద్దరం. చిన్నాయన నా పక్కన చాప మీద కూర్చుని నేను చదివేది చూసేవాడు. "పన్నెండు పేజీలు సదివి నాలుగు ముక్కలు రాస్తాండావు. కొండను తవ్వి ఎలకను పట్టినట్టుండాది నీ పని" అని ఎగతాళి చేసేవాడు. కొండలు తవ్విన మనిషి కదా, ఆయనకు ఆ మాట అనే హక్కుంది. "ఎలకైనా దొరికింది చిన్నాయనా, మీకేం దొరికింది?" అని నేను తిరిగి అనేదాన్ని. నా నోరు అప్పుడూ అంతే.

వాటిలో ఒక వ్యాసం వేరే రాష్ట్రంలో గనుల గురించి. ఎక్కువ కాలం దుమ్ములో పనిచేసినవాళ్ల ఊపిరి బలం, కొత్తగా చేరినవాళ్ల కంటే తక్కువగా ఉందా అన్నది ప్రశ్న. ఒకే వారంలో అందరినీ ఒక్కసారి పరీక్షించి పోల్చారు, అది పద్ధతి. వయసును లెక్కలోకి తీసుకున్నాక రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, అది ముఖ్య ఫలితం. మూడు గడులు బాగానే నింపాను.

నమూనా గడి దగ్గరే నా చెయ్యి తప్పింది. పద్ధతి భాగంలో ఒక వాక్యం ఉంది. ఆ వారం డ్యూటీలో ఉన్నవాళ్లనే పరీక్షించామనీ, జబ్బు సెలవులో ఉన్నవాళ్లనూ పని మానేసినవాళ్లనూ కలపలేదనీ. నేను అది చదవకపోలేదు. చదివాను, రాశాను కూడా. గడిలో ఇచ్చింది మూడు పంక్తులు, నాది నాలుగో పంక్తిలోకి దిగి గీత దాటింది. చూడ్డానికి అసహ్యంగా ఉందని కొట్టేసి, కొత్త కాగితం తీసుకుని, 'గని కార్మికులు' అని ముచ్చటగా రాసి పక్కన ఎంతమందో లెక్క వేశాను. నా చేతిరాత మీద నాకున్న మురిపెం అంతటిది.

ఆ రోజు నా జతగాడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ముఖం నిండా ఎర్రదుమ్ము. "లారీలు అడ్డం పడినాయి అక్కా, మూడు గంటలు ఆడనే నిల్సినాం. ఇంగ నేనెప్పుడు సదివేది, ఎప్పుడు రాసేది?" అన్నాడు. సాయంత్రానికి కాగితాలు ఇవ్వాలి. నేను నా కాగితం అతని ముందుకు తోసి, "చూసి రాసేయప్పా, మేడమ్‌కి ఏం తెలుస్తాది" అన్నాను. రాసేశాడు. మేడమ్ రెండూ పక్కపక్కన పెట్టి, "అబ్బా, ఎంత బాగా కలిసినాయి!" అని మురిసిపోయింది. నేను సిగ్గులేకుండా నవ్వాను.

ఇంటికి వచ్చి ఆ కాగితాన్ని చిన్నాయనకు తెలుగులో చదివి వినిపించాను. ఆయన కాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని అడిగాడు. "దాంట్లో నేను ఉండానా పాపా? నాలాంటోళ్లు ఉండారా?"

"గని కార్మికులు అంటే నువ్వు కాక ఇంకెవరు చిన్నాయనా? ఉండావు" అన్నాను. కొట్టేసిన వాక్యం ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. ఆయన మా అమ్మ వైపు తిరిగి, "అయితే నన్నూ పిలుస్తారు వదినా" అన్నాడు. ఆ మాట అన్నప్పటి ముఖం నేను మర్చిపోవాలని చాలా ప్రయత్నించాను.

కమిటీ మా పేజీలు చదివింది. పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ తేడా లేదంటే దుమ్ము ఏళ్ల తరబడి కూడబెట్టే నష్టం పెద్దగా లేదని అర్థం చేసుకుంది. అలాంటప్పుడు పని మానేసినవాళ్లను ఊరూరా వెతకడం దేనికి, హాజరు పట్టీలో ఉన్నవాళ్లను పిలిస్తే సరిపోతుంది అని తేల్చింది. ఆ మాట మేడమ్ నోట విన్నప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు.

సండూరులో క్యాంపు రోజు పేర్లు చూసే బల్ల దగ్గర నన్నే కూర్చోబెట్టారు. పదకొండింటికి వరసలో చిన్నాయన కనబడ్డాడు. నాకు చెప్పకుండా బస్సెక్కి వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు, ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. బల్ల దాకా వచ్చి పరాయివాడిలా తన పేరు చెప్పాడు. నేను పట్టీలో వేలు పెట్టి కింది దాకా వెతికాను, లేదని తెలిసీ వెతికాను.

"పేరు లేదు చిన్నాయనా" అన్నాను.

"నువ్వే చెప్తివి కదా పాపా, ఉండానని."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఇన్నేళ్లూ నాకు కొంచెం నిద్ర పట్టేది. ఆయన వెనక అలాంటివాళ్లే ఇంకా కొందరు, అందరూ పని మానేసినవాళ్లు, అందరూ దగ్గుతున్నారు. నేను లేచి మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ఆమె వరస చూసింది, గడియారం చూసింది. "ఒక్కర్ని పంపితే అందర్నీ పంపాల. డాక్టరుకి సాయంత్రం ట్రైన్ ఉండాది. వచ్చే క్యాంపులో బరాబర్ చూద్దాం, ఆయ్తా?" అంది. చిన్నాయన విన్నాడు. "ఆయ్తు బిడమ్మా" అని కన్నడంలోనే సరేలెమ్మని పక్కకు జరిగి, యంత్రం వ్యానులోకి ఎక్కించేదాకా గోడ నీడన కూర్చుని, మాతో పాటే తిరిగి వచ్చాడు. దారిపొడుగునా ఆయన దగ్గుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే వ్యాసం తీశాను. నేను కొట్టేసిన ఆ వాక్యం ఎక్కడుందో వెతకాల్సిన పనే పడలేదు. చివరి పేజీలో, తమ అధ్యయనం పరిమితులు చెప్పే చోట, రచయితలే మళ్లీ రాశారు. జబ్బుపడినవాళ్లు ముందే పని వదిలి వెళ్లిపోయి ఉంటే, మిగిలిన ఆరోగ్యవంతులనే తాము కొలిచి ఉండవచ్చునని. ఊపిరి ఆడనివాళ్లు కొండ దిగిపోయాక, కొండ మీద మిగిలినవాళ్లను చూసి అందరూ బాగున్నారని రాసినట్టు. వాళ్లు దాచలేదు. దాచింది నేను.

మేడమ్‌కి అంతా చెప్పేశాను, చూసి రాయించిన సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. ఆమె రెండు కాగితాలూ తీసి చాలాసేపు చూసింది. "ఇద్దరు విడిగా సదివితే మాటకు మాట ఇట్ల కలవదు. నాకే అనుమానం రావాల్సింది" అంది. తర్వాత మా ఇద్దర్నీ వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టి అన్ని వ్యాసాలూ మళ్లీ మొదటి నుంచి నింపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. కానీ పట్టుకున్నాం. సవరించిన పేజీ చదివి కమిటీ పని మానేసినవాళ్ల కోసం ఇంకో క్యాంపుకు ఒప్పుకుంది. ఆ పట్టీ రాసే పని నేనే అడిగి తీసుకున్నాను. మొదటి పేరు చిన్నాయనది. ఇంటికి వచ్చి చూపిస్తే వేలితో ఆ పేరు తడిమి, "ఇప్పుడు బరాబర్ ఉండాను" అన్నాడు.

డాక్టరుకు వీలు దొరికేసరికి నెలలు గడిచాయి. వానలొచ్చాయి. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ చిన్నాయన గోడకు ఒరిగిపోయాడు. సమాధి దగ్గర కూడా ఎవరో బీడీల మాట ఎత్తారు. మా నాన్న కాదనలేదు. కాదనడానికి నా చేతిలో కాగితం లేదు.

రెండో క్యాంపు రోజు నేను పట్టీ మార్చలేదు. మేడమ్ కొట్టేయమనలేదు, నాకూ చెయ్యి రాలేదు. పట్టీ చూసి పిలిచే అబ్బాయికి సంగతి తెలియదు, మొదటి పేరు గట్టిగా పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు. వరసలో ఎవరో దగ్గారు, నేను తలెత్తి చూశాను. ఆయన కాదు.

పేరు ఎదురుగా 'రాలేదు' అని రాశాను. పక్కన కారణం గడి ఉంది, బొటనవేలంత. ఎక్కడ పని చేశాడో, ఎన్నేళ్లు చేశాడో, ఎందుకు మానేశాడో, బీడీ ఎప్పుడు వదిలేశాడో, ఎప్పుడు చనిపోయాడో, మొదటి క్యాంపు రోజున వచ్చి ఏ గోడ నీడన కూర్చున్నాడో, ఎవరి తప్పు వల్ల కూర్చున్నాడో అన్నీ రాశాను. గీత దాటింది. పక్క గడిలోకి, అంచులోకి, కాగితం వెనక్కి కూడా పోయింది. వరసలో తర్వాతివాళ్లు నిలబడి ఎదురుచూశారు. మొత్తం రాసేదాకా నేను రెండో పేరు పిలవనివ్వలేదు.